స్పందన రేటు, సహకార రేటు: సర్వే నివేదిక రాసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వే పద్ధతుల అధ్యాయంలో ఈ రెండు రేట్ల దగ్గరే ఎక్కువమంది తడబడుతున్నారు. పరిశోధక విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల సర్వే బృందాలు, జిల్లా స్థాయి అధ్యయనాలు చేసేవారు ఏటా అవే సందేహాలు అడుగుతున్నందున జవాబులను ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. అందుకే కొన్ని అంకెలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. లెక్కల్లో వచ్చే 1,200 ఇళ్ల పట్టణం కల్పించుకున్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు, అమెరికా ఫోన్ సర్వేల అంకెలు మాత్రం నిజమైనవి.

## ఫీల్డుకు వెళ్లకముందు

స్పందన రేటు, సహకార రేటు రెండూ ఒకటే కదా? ఏదో ఒకటి రాస్తే సరిపోదా?

ఒకటి కావు. రెండింటిలోనూ పైన ఉండేది పూర్తయిన ఇంటర్వ్యూల సంఖ్యే. తేడా అంతా హారంలో ఉంది. స్పందన రేటు హారంలో నమూనాలోని అర్హులందరూ ఉంటారు: మాట్లాడినవారు, మాట్లాడనన్నవారు, ఎన్నిసార్లు వెళ్లినా దొరకనివారు. సహకార రేటు హారంలో మీరు కలుసుకోగలిగినవారు మాత్రమే ఉంటారు. తాళం వేసి ఉన్న ఇంటి వల్ల స్పందన రేటు తగ్గుతుంది, సహకార రేటు ఏమాత్రం మారదు. కనుక సహకార రేటు దాదాపు ఎప్పుడూ స్పందన రేటు కంటే ఎక్కువగానే కనిపిస్తుంది. మొదటిది నమూనాలో ఎంత భాగం మీ చేతికి అందిందో చెబుతుంది. రెండోది, అందినవారిలో ఎంతమంది ఒప్పుకున్నారో చెబుతుంది.

RR1, RR2 అని ఆరు రకాలు కనిపిస్తున్నాయి. ఇవి ఎవరు పెట్టినవి? మేమూ వాడాలా?

అమెరికన్ అసోసియేషన్ ఫర్ పబ్లిక్ ఒపీనియన్ రీసెర్చ్, అంటే ఆపోర్, 1998లో మొదటిసారి ఈ నిర్వచనాలను ప్రచురించి తర్వాత సవరిస్తూ వచ్చింది. అందులో స్పందన రేటుకు ఆరు సూత్రాలు, సహకార రేటుకు నాలుగు ఉన్నాయి. సగంలో ఆగిన ఇంటర్వ్యూలను పూర్తయినవాటితో కలపాలా, అర్హత తేలని ఇళ్లను ఏం చేయాలి అన్న రెండు ప్రశ్నలకు ఇవ్వగల వేర్వేరు జవాబుల వల్లే స్పందన రేటుకు ఇన్ని సూత్రాలు వచ్చాయి. మన దేశంలో ఇవే వాడాలన్న నియమమేమీ లేదు. అయితే పత్రికలకు వ్యాసం పంపేవారికి ఇవి పనికొస్తాయి. "స్పందన రేటు 63 శాతం" అన్న వాక్యం ఏ సూత్రం ప్రకారమో చెప్పకపోతే సమీక్షకుడు మొదట అడిగే ప్రశ్న అదే.

సర్వే లింకును వాట్సాప్ గ్రూపుల్లో పంపాం, 412 మంది నింపారు. మా స్పందన రేటు ఎంత?

దానికి స్పందన రేటు లేదు. లింకు ఎన్ని గ్రూపులకు వెళ్లిందో, ఎంతమంది చూశారో, వారిలో ఎవరు అర్హులో మీ దగ్గర లెక్క లేదు. హారమే లేనప్పుడు శాతం రాదు. గ్రూపుల సభ్యుల సంఖ్యలు కూడి దానితో భాగించేవారున్నారు. ఒకే మనిషి మూడు గ్రూపుల్లో ఉంటాడు, ఒకరు ఇంకొకరికి పంపుతారు, కాబట్టి ఆ అంకెకు అర్థం లేదు. సహకార రేటు కూడా ఇక్కడ కుదరదు, ఎందుకంటే లింకు చూసి వదిలేసినవారు మీకు తెలియరు. 412 పూర్తయిన ఫారాలు వచ్చాయని, నమూనా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారిదని, లింకు ఏయే మార్గాల్లో వెళ్లిందో రాయండి. ఒక కళాశాల సిబ్బంది జాబితా ముందే చేతిలో ఉండి, జాబితాలోని ప్రతి ఒక్కరికీ విడిగా లింకు పంపితే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు హారం ఉంది, స్పందన రేటు కట్టవచ్చు.

ఇంటర్వ్యూ సగంలో ఆగిపోయింది. అది పూర్తయినట్టా, కానట్టా?

ఆ గీత మీరే గీయాలి, అదీ ఫీల్డు పని మొదలుకాకముందే. ఆపోర్ ఉదాహరణగా చూపిన పద్ధతుల్లో ఒకటి ఇలా ఉంటుంది: అడగాల్సిన ప్రశ్నల్లో 80 శాతానికి మించి జవాబులుంటే పూర్తి ఇంటర్వ్యూ, 50 నుంచి 80 శాతం ఉంటే పాక్షికం, 50 శాతం కంటే తక్కువైతే మధ్యలో వదిలేసినట్టు. వదిలేసినవాటిని నిరాకరణలతో కలుపుతారు. ప్రశ్నల సంఖ్య కంటే కీలకమైన ప్రశ్నలు ముఖ్యం అనుకుంటే ఫలానా ఐదు ప్రశ్నలకు జవాబు వస్తేనే పూర్తి అని కూడా పెట్టుకోవచ్చు. డేటా చేతికొచ్చాక గీతను జరపడం మాత్రం చేయకండి. గీత 80 నుంచి 60కి దిగితే స్పందన రేటు, సహకార రేటు రెండూ ఒక్కసారిగా పెరుగుతాయి, ఫీల్డులో మాత్రం ఏమీ మారి ఉండదు.

## ఫీల్డులో ఉండగా

మూడుసార్లు వెళ్లినా తాళమే ఉంది. ఆ ఇంటికి ఏ కోడ్ వేయాలి?

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. తాళం అన్న ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. మొదటిది, ఇంట్లో మనుషులు ఉంటున్నారు, మీరు వెళ్లినప్పుడు మాత్రం లేరు. తీగ మీద బట్టలు, వాకిట్లో ముగ్గు, పక్కింటివారి మాట దీన్ని చెబుతాయి. అది అర్హమైన ఇల్లే, "కలవలేకపోయాం" కోడ్ వేయాలి. రెండోది, ఇల్లు ఖాళీగా ఉంది, లేదా అది ఇల్లే కాదు, గోదాము. అది అనర్హం, రెండు రేట్ల హారాల్లోనూ ఉండదు. మూడోది, ఎవరైనా ఉంటున్నారో లేదో ఎలా చూసినా తేలలేదు. దానికి "అర్హత తెలియదు" అన్న ప్రత్యేక కోడ్ ఉండాలి.

ఫారంలో "తాళం" అని ఒకటే కోడ్ పెడితే తర్వాత ఎవరూ ఈ మూడింటినీ విడదీయలేరు. అప్పుడు లెక్క కట్టేవారు అన్నిటినీ అనర్హం కిందికి నెట్టేస్తారు, స్పందన రేటు ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. పాలమూరు వంటి వలస ప్రాంతాల్లో ఈ చిక్కు ఇంకా పెద్దది. కుటుంబం ఆరు నెలలు బయట ఉంటే ఆ ఇంటిని అర్హంగా తీసుకోవాలా వద్దా అన్నది "ఈ ఇంట్లో నివసించడం" అన్న దానికి మీ సర్వే ఇచ్చిన నిర్వచనాన్ని బట్టి ఉంటుంది. ఆ నిర్వచనం శిక్షణ పుస్తకంలో ఉండాలి, ఎన్యూమరేటర్ ఊహకు వదలకూడదు. ప్రతి సందర్శన తేదీ, వేళ కూడా నమోదు చేయించండి. మూడుసార్లూ ఉదయం పదకొండుకే వెళ్లి ఉంటే, కూలికి వెళ్లే కుటుంబం విషయంలో అది ఒక్కసారి వెళ్లినదానితో సమానం.

మొదటిసారి "ఇప్పుడు కాదు, మాకు ఇష్టం లేదు" అన్నారు. రెండోసారి, మూడోసారి ఇంట్లో లేరు. చివరి కోడ్ ఏది?

నిరాకరణ. చివరి సందర్శన ఫలితమే చివరి కోడ్ అనుకోవడం పొరపాటు. ఆ ఇంటివారితో ఒకసారి మాట్లాడారు, వారు వద్దన్నారు. తర్వాత తలుపు తెరుచుకోనంత మాత్రాన ఆ సంగతి చెరిగిపోదు. దీన్ని "కలవలేకపోయాం" కిందికి మారిస్తే స్పందన రేటు మారదు, ఎందుకంటే రెండూ దాని హారంలోనే ఉన్నాయి. సహకార రేటు మాత్రం అన్యాయంగా పెరుగుతుంది. ట్యాబ్‌లో నడిచే సర్వేల్లో సాఫ్ట్‌వేర్ చివరి ఎంట్రీనే తీసుకునేలా అమర్చి ఉంటే ఇది ఎవరికీ తెలియకుండానే జరిగిపోతుంది. సందర్శనల పట్టిక మొత్తాన్ని దిగుమతి చేసుకుని, అందులో ఎక్కడైనా నిరాకరణ ఉండి, ఆ తర్వాత ఇంటర్వ్యూ జరగని ఇళ్లన్నిటినీ విడిగా తీసి చూడండి. "రేపు రండి" అనడం మాత్రం నిరాకరణ కాదు, అది వాయిదా. వాయిదాలన్నిటినీ నిరాకరణలుగా రాసే ఎన్యూమరేటర్లు ఉన్నారు, మూడు వాయిదాల తర్వాత కూడా నిరాకరణ అని రాయడానికి మొహమాటపడేవారూ ఉన్నారు. అందుకే శిక్షణలో రెండింటికీ ఉదాహరణలు చెప్పాలి.

ఎంపికైన కోడలితో మాట్లాడకముందే అత్తగారు వాకిట్లోంచే పంపేశారు. ఆమె నిరాకరించినట్టు రాయవచ్చా?

రాయాలి, అయితే ఎవరు కాదన్నారో చెప్పే ఉపకోడ్‌తో. కుటుంబం తరఫున ఎవరో కాదనడం, ఎంపికైన వ్యక్తే కాదనడం రెండూ నిరాకరణలే. స్పందన రేటులోనూ సహకార రేటులోనూ రెండింటికీ ఒకటే స్థానం. కానీ కారణం వేరు కాబట్టి మందూ వేరు. అత్తగారి దగ్గర ఆగిపోతున్నవి ఎక్కువగా ఉంటే ఇంటి పెద్దకు సర్వే సంగతి ముందుగా వివరించే ఏర్పాటు చేయాలి, మహిళా ఎన్యూమరేటర్‌ను పంపాలి. కోడలే కాదంటుంటే ప్రశ్నల స్వభావాన్ని, గోప్యత గురించి ఇస్తున్న హామీని చూసుకోవాలి. కొన్ని నివేదికల్లో సహకార రేటును ఎంపికైన వ్యక్తితో నేరుగా మాట్లాడిన కేసుల మీదే కడతారు. అలా కట్టినట్లయితే ఆ మాట స్పష్టంగా రాయాలి. లేదంటే చదివేవారు కుటుంబం కాదన్నవి కూడా హారంలో ఉన్నాయనే అనుకుంటారు.

ఎంపికైన ఇల్లు దొరక్కపోతే పక్కింటిని తీసుకున్నాం. 1,200 లక్ష్యానికి 1,200 పూర్తయ్యాయి. స్పందన రేటు నూరు శాతం అని రాయవచ్చా?

రాయకూడదు. ప్రత్యామ్నాయంగా తీసుకున్న ఇల్లు, దొరకని ఇంటిని లెక్కలోంచి తుడిచేయదు. మొదట ఎంపికైన ప్రతి ఇంటికీ దాని అసలు ఫలితం దానికి ఉండాలి: కలవలేకపోయారా, కాదన్నారా, ఖాళీయా? ఆ అసలు ఎంపికల మీద కట్టిందే మీ స్పందన రేటు. ప్రత్యామ్నాయ ఇళ్లను ఎన్ని తీసుకున్నారో, ఏ నియమం ప్రకారం తీసుకున్నారో విడిగా చెప్పాలి. పక్కిల్లు తీసుకోవడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. పగలు ఇంట్లో ఉండేవారే మళ్లీ మళ్లీ నమూనాలోకి వస్తారు, పనికి వెళ్లేవారు జారిపోతారు. నూరు శాతం అన్న అంకె ఆ సంగతిని కప్పేస్తుంది.

## లెక్క కట్టేటప్పుడు

ఒక ఉదాహరణతో రెండు రేట్లనూ మొదటి నుంచి చివరి దాకా కట్టి చూపిస్తారా?

ఒక పట్టణంలో తాగునీటి మీద ఇంటింటి సర్వే అనుకుందాం. జాబితా నుంచి 1,200 చిరునామాలు ఎంపిక చేశారు. పని ముగిశాక ఒక్కో చిరునామాకు ఒక్కో చివరి కోడ్ వచ్చింది.

| ఫలితం | గుర్తు | సంఖ్య |
|---|---|---|
| పూర్తి ఇంటర్వ్యూ | I | 690 |
| పాక్షిక ఇంటర్వ్యూ | P | 30 |
| నిరాకరణ, మధ్యలో వదిలేయడం | R | 90 |
| కలవలేకపోయాం | NC | 140 |
| కలిశాం కానీ అనారోగ్యం, భాష వంటి కారణాలు | O | 30 |
| అర్హత తెలియదు | U | 120 |
| అనర్హం: దుకాణాలు, ఖాళీ ఇళ్లు, కూల్చేసినవి | లెక్కలో లేదు | 100 |

మొత్తం 1,200 రావాలి, వచ్చింది. ఇది రాకపోతే ముందుకు వెళ్లకండి, ఎక్కడో ఒక ఇంటికి రెండు కోడ్‌లు పడ్డాయి లేదా ఒక్కటీ పడలేదు. అనర్హమైన 100 తీసేస్తే 1,100 మిగులుతాయి.

```
RR1   = I / (I + P + R + NC + O + U) = 690 / 1100 = 62.7%
COOP1 = I / (I + P + R + O)          = 690 / 840  = 82.1%
```

రెండు హారాలకూ మధ్య తేడా 260. అవి కలవలేకపోయిన 140, అర్హత తేలని 120. అంటే 62.7కీ 82.1కీ మధ్య ఉన్న దూరమంతా తలుపు తెరుచుకోని ఇళ్ల వల్ల వచ్చిందే. పాక్షిక ఇంటర్వ్యూలను కూడా పైన కలిపితే RR2 వస్తుంది: 720ని 1,100తో భాగిస్తే 65.5 శాతం. అలాగే COOP2 అంటే 720ని 840తో భాగించగా వచ్చే 85.7 శాతం.

తరచుగా కనిపించే రెండు తప్పుల్ని కూడా ఇవే అంకెల మీద చూడండి. 690ని నేరుగా 1,200తో భాగిస్తే 57.5 వస్తుంది. దుకాణాలను కూడా స్పందించని కుటుంబాలుగా లెక్కపెట్టి మీ పనిని మీరే తక్కువ చేసుకున్నట్టు. 690ని పూర్తయినవి, నిరాకరించినవి కలిపిన 780తో భాగిస్తే 88.5 వస్తుంది. దీన్ని స్పందన రేటు అని రాసిన నివేదికలు తక్కువేమీ కాదు. నిజానికి అది సహకార రేటుకు దగ్గరి చుట్టం, స్పందన రేటు కానే కాదు.

అర్హత తెలియని ఇళ్లలో ఎన్నిటిని లెక్కలోకి తీసుకోవాలి? సూత్రంలోని e అంటే ఏమిటి?

అర్హత తెలియని ఇళ్లలో నిజంగా అర్హమైనవి ఎంత భాగం ఉంటాయన్న అంచనాయే e. తేలిన ఇళ్లలో అర్హమైనవి ఎంత భాగమో, తేలనివాటిలోనూ అంతే ఉంటుందని అనుకోవడం అన్నిటికంటే సులువైన పద్ధతి. 1,200 చిరునామాల్లో 980 అర్హమని, 100 అనర్హమని తేలి, 120 తేలకుండా మిగిలాయనుకోండి. అప్పుడు e అంటే 980ని 1,080తో భాగించగా వచ్చే 0.907. తేలని 120లో సుమారు 109 అర్హమని అర్థం. పూర్తయినవి 690 అయితే:

```
RR3 = 690 / (980 + 0.907 × 120) = 690 / 1088.9 = 63.4%
```

e మీద ఫలితం ఎంత ఆధారపడుతుందో చూడండి. e ఒకటి అయితే 62.7 శాతం, 0.5 అయితే 66.3, సున్నా అయితే 70.4. ఫీల్డులో చెమటోడ్చకుండా రేటు పెంచుకునే దారి ఇది. అందుకే e విలువ, దాన్ని ఎలా కట్టారో నివేదికలో తప్పక రాయాలి. ఎన్నిసార్లు వెళ్లినా తెరుచుకోని ఇంట్లో ఎవరూ ఉండకపోయే అవకాశం కాస్త ఎక్కువే కాబట్టి e తక్కువ ఉండాలని మీరు వాదించవచ్చు. ఆ వాదనకు ఆధారం చూపండి. తేలని ఇళ్లలోంచి యాదృచ్ఛికంగా పాతిక తీసి, విద్యుత్ మీటరు తిరుగుతోందా, చుట్టుపక్కల వారేమంటున్నారు అని విచారించి వస్తే, ఏ ఊహ కంటే కూడా అది మేలు.

అర్హత తేలనివాటిని పూర్తిగా వదిలేసి RR5 వాడవచ్చా? అంకె బాగా వస్తోంది.

అంకె బాగా రావడం కారణం కాదు. RR5లో తేలని ఇళ్లను హారంలోంచి పూర్తిగా తీసేస్తారు. అంటే వాటిలో ఒక్కటి కూడా అర్హం కాదని మీరు ప్రకటిస్తున్నట్టు. అది నిజమైనప్పుడు, లేదా తేలని ఇళ్లే లేనప్పుడు వాడుకోవచ్చు. పేర్లున్న ఉద్యోగుల జాబితా మీద చేసే సర్వేలో అర్హత తేలనివారు దాదాపు ఉండరు కాబట్టి అక్కడ RR5, RR1 ఒకటే అవుతాయి. ఇంటింటి సర్వేలో, ఫోన్ సర్వేలో మాత్రం దీన్ని సమర్థించుకోవడం కష్టం.

మాట్లాడలేని వృద్ధులను, మన భాష రానివారిని సహకార రేటులో ఉంచాలా, తీసేయాలా?

రెండు పద్ధతులూ ఉన్నాయి. COOP1లో వారిని హారంలో ఉంచుతారు. COOP3లో, మాట్లాడే శక్తి లేని మనిషిని సహకరించలేదనడం న్యాయం కాదని తీసేస్తారు. పూర్తయినవి 690, పాక్షికం 30, నిరాకరణ 90, ఇలాంటి కారణాలు 30 అయితే COOP1 82.1 శాతం, COOP3 85.2 శాతం. నా మొగ్గు COOP1 వైపే. ముఖ్యంగా భాష విషయంలో. ఉట్నూరు వైపు గోండి మాట్లాడే కుటుంబానికి తెలుగు మాత్రమే వచ్చిన ఎన్యూమరేటర్‌ను పంపి, మాటలు కుదరలేదని ఆ కుటుంబాన్ని హారంలోంచి తీసేస్తే, మన ఏర్పాటులోని లోపం అంకెల్లో కనిపించకుండా పోతుంది. COOP3 వాడితే తప్పు లేదు, పేరు చెప్పి వాడండి.

మా సహకార రేటు ఎక్కువగా ఉంది, స్పందన రేటు తక్కువగా ఉంది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

కలిసినవారు ఒప్పుకుంటున్నారు, కలవడమే కుదరడం లేదు. ఈ రెండింటినీ కలిపే మూడో అంకె సంప్రదింపు రేటు, అంటే అనర్హమైనవి తీసేయగా మిగిలిన చిరునామాల్లో ఎన్నిటిని కలిశారన్నది. RR1 అంటే సరిగ్గా COOP1ను సంప్రదింపు రేటుతో గుణించగా వచ్చేదే.

రెండు పట్టణాలు తీసుకోండి. రెండింటిలోనూ 1,100 చిరునామాలు, 690 పూర్తి ఇంటర్వ్యూలు, స్పందన రేటు 62.7 శాతం. మొదటి పట్టణంలో 840 ఇళ్లవారిని కలిశారు. సంప్రదింపు రేటు 76.4, సహకార రేటు 82.1. రెండో పట్టణంలో 980 ఇళ్లవారిని కలిశారు. సంప్రదింపు రేటు 89.1, సహకార రేటు 70.4. పైకి ఒకటే ఫలితం, లోపల రెండు వేర్వేరు జబ్బులు. మొదటి బృందం సాయంత్రాలు, ఆదివారాలు వెళ్లాలి. రెండో బృందం ఎన్ని ఆదివారాలు వెళ్లినా లాభం లేదు. తలుపు తెరిచాక మొదటి నిమిషంలో ఏం చెబుతున్నారో మార్చుకోవాలి, ప్రశ్నావళి పొడవు చూసుకోవాలి.

నిజమైన ఉదాహరణ కావాలంటే అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ తన ఫోన్ సర్వేల గురించి 2012లో ప్రకటించిన అంకెలు చూడండి. 1997లో వారి సంప్రదింపు రేటు 90 శాతం, సహకార రేటు 43, స్పందన రేటు 36. 2012 నాటికి అవి 62, 14, 9కి పడిపోయాయి. ఫోన్ ఎత్తేవారు తగ్గినమాట నిజమే, కానీ ఎత్తినవారిలో మాట్లాడటానికి ఒప్పుకునేవారు అంతకంటే వేగంగా తగ్గారు. స్పందన రేటు ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు.

ముందు ఇల్లు, తర్వాత ఇంట్లో ఒక మనిషి. రెండు దశలున్నప్పుడు స్పందన రేటు ఏది?

రెండింటినీ గుణించాలి. రెండో దశ రేటును మాత్రమే రాస్తే మొదటి దశలో జారిపోయిన ఇళ్లు మాయమవుతాయి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మనుషులు నివసిస్తున్న 6,53,144 ఇళ్లలో 6,36,699 ఇళ్ల ఇంటర్వ్యూ పూర్తయింది, అంటే 97.5 శాతం. ఆ ఇళ్లలో 15-49 ఏళ్ల అర్హులైన మహిళలు 7,47,176 మంది ఉన్నారు, 7,24,115 మందితో ఇంటర్వ్యూ జరిగింది, అంటే 96.9 శాతం. రెండు దశలూ కలిపితే 0.975ను 0.969తో గుణించాలి, సుమారు 94.5 శాతం. ఇక్కడ రెండూ పెద్ద అంకెలే కాబట్టి తేడా తక్కువ. మీ సర్వేలో ఇళ్ల దశ 70, మనుషుల దశ 80 అయితే మొత్తం 56 మాత్రమే. "మా స్పందన రేటు 80" అని రాస్తే అది మోసమే.

కొన్ని వార్డుల నుంచి ఎక్కువ ఇళ్లు తీసుకున్నాం. అయినా మామూలు లెక్కే సరిపోతుందా?

ఫీల్డు బృందం పనితీరు చెప్పడానికి మామూలు లెక్క చాలు. నమూనా జనాభాలో ఎంత భాగాన్ని అందుకుందో చెప్పాలంటే ఒక్కో ఇంటినీ దాని ఎంపిక అవకాశానికి విలోమంగా ఉండే భారంతో గుణించి అదే సూత్రాన్ని మళ్లీ కట్టాలి. మురికివాడల వార్డుల నుంచి రెట్టింపు ఇళ్లు తీసుకుని, అక్కడ స్పందన బాగా వస్తే, భారం వేయని రేటు పట్టణం మొత్తానికి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రెండు అంకెలూ ఇవ్వడం ఉత్తమం.

## నివేదిక రాసేటప్పుడు

స్పందన రేటు తక్కువగా ఉందని గైడు సహకార రేటు ఒక్కటే పెట్టమన్నారు. పెట్టవచ్చా?

సహకార రేటు పెట్టడంలో తప్పు లేదు, దాని పేరుతోనే పెట్టాలి, పక్కన స్పందన రేటు కూడా ఉండాలి. నేను చూసే నివేదికల్లో ఎక్కువగా కనిపించే దోషం అబద్ధం కాదు, పేరు మార్పిడి: 82 శాతం సహకార రేటు కట్టి, దానికి "స్పందన రేటు" అని శీర్షిక పెట్టడం. దీన్ని పట్టుకోవడం తేలిక. పద్ధతుల అధ్యాయంలో 1,200 ఇళ్లు ఎంపిక చేశామని ఉంటుంది, ఫలితాల పట్టికల కింద 690 అని ఉంటుంది, మధ్యలో 82 శాతం అని ఉంటుంది. 690 ఎంతలో 82 శాతమో వెనక్కి లెక్క వేస్తే సుమారు 840 వస్తుంది. మిగతా 360 ఇళ్లు ఏమయ్యాయని సమీక్షకుడు అడుగుతాడు. గైడుకు ఈ లెక్కే వేసి చూపించండి, మౌఖిక పరీక్షలో ఆ ప్రశ్న రాకముందే.

స్పందన రేటు ఎంత ఉంటే మంచి సర్వే అంటారు? 60 శాతం దాటాలంటారు కదా?

అలాంటి గీత ఏదీ లేదు. స్పందించనివారి వల్ల వచ్చే దోషం రెండు అంశాల లబ్ధం: స్పందించనివారు ఎంత భాగం, వారు స్పందించినవారికి ఎంత భిన్నం. 37 శాతం మంది అందలేదనుకుందాం. అందినవారిలో 80 శాతానికి ఇంటి నల్లా ఉంది, అందనివారిలో నిజానికి 60 శాతానికే ఉంది. అప్పుడు మీ అంచనా 7.4 శాతం పాయింట్లు ఎక్కువ చూపుతుంది. అదే సర్వేలో ఇంకో ప్రశ్నకు రెండు వర్గాల మధ్య తేడా రెండు పాయింట్లే అయితే దోషం 0.7 దగ్గర ఆగుతుంది. రేటు ఒకటే, దోషాలు వేరు. రాబర్ట్ గ్రోవ్స్, ఎమీలియా పెయ్చెవా 2008లో 59 అధ్యయనాలను పోల్చి చూసినప్పుడు కూడా స్పందన రేటుకూ దోషానికీ మధ్య బలమైన సంబంధం కనిపించలేదు.

అందుకని రేటు పక్కన ఒక చిన్న పోలిక ఇవ్వండి. అందిన ఇళ్లనూ అందని ఇళ్లనూ మీకు ముందే తెలిసిన లక్షణాల మీద, అంటే వార్డు, ఇంటి రకం, అపార్ట్‌మెంటా విడి ఇల్లా అన్నవాటి మీద పక్కపక్కన పెట్టండి. సహకార రేటు ఈ పనికి సరిపోదు. కలవనే కలవని ఇళ్లు అందులో లేవు, చాలాసార్లు భిన్నంగా ఉండేవి అవే.

ఈ రెండు రేట్లనూ నివేదికలో ఎలా రాయాలి? నమూనా వాక్యాలు ఇస్తారా?

ఇలా రాస్తే చాలు: "ఎంపిక చేసిన 1,200 చిరునామాల్లో 100 అనర్హమని తేలాయి. 690 ఇళ్లలో పూర్తి ఇంటర్వ్యూలు, 30 ఇళ్లలో పాక్షిక ఇంటర్వ్యూలు జరిగాయి. 120 చిరునామాల అర్హత తేలలేదు. ఆపోర్ నిర్వచనాల ప్రకారం స్పందన రేటు (RR1) 62.7 శాతం, సహకార రేటు (COOP1) 82.1 శాతం. ఒక్కో ఇంటికి వేర్వేరు వేళల్లో కనీసం మూడుసార్లు వెళ్లాం. ప్రత్యామ్నాయ ఇళ్లను తీసుకోలేదు." ఫలిత కోడ్‌ల పట్టిక అనుబంధంలో పెట్టండి. ఆ పట్టిక ఉంటే, మీ సూత్రం నచ్చని పాఠకుడు తనకు నచ్చిన సూత్రంతో కట్టుకుంటాడు. దశాంశం తర్వాత ఒక అంకె చాలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 98 శాతం వస్తే మాకు 63 ఎందుకు? మా సర్వే అంత అధ్వానమా?

హారాలు చూడకుండా పోల్చకండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు 6,64,972 ఇళ్లు ఎంపికయ్యాయి. వాటిలో మనుషులు నివసిస్తున్నవని తేలిన 6,53,144 ఇళ్లే స్పందన రేటు హారం. ఇంటర్వ్యూ జరిగిన 6,36,699ని దానితో భాగిస్తే 97.5, గుండ్రం చేస్తే 98. ఎంపికైన ఇళ్లన్నిటితో భాగించినా 95.7 వస్తుంది కాబట్టి అక్కడ ఫీల్డు పని బాగా జరిగిందన్నది నిజమే. కానీ ఆ తరహా సర్వేల్లో ఇంటిల్లిపాదీ చాలాకాలంగా ఊళ్లో లేని ఇళ్లను హారంలోకి తీసుకోరు. పైగా ఇళ్ల జాబితాను ఫీల్డు పనికి కొద్దికాలం ముందే తాజాగా తయారుచేస్తారు, అందువల్ల అర్హత తేలని చిరునామాలు చాలా తక్కువగా మిగులుతాయి. మీరు నాలుగేళ్ల నాటి ఆస్తి పన్ను జాబితా మీద నమూనా తీసి, తేలని 120 ఇళ్లను నిజాయితీగా హారంలో ఉంచి RR1 కట్టారు. పోల్చి తీరాలంటే మీ అంకెలను వారి నిర్వచనంతో ఇంకోసారి కట్టి, ఆ సంగతి చెప్పి పక్కన పెట్టండి. అప్పటికీ తేడా పెద్దదిగానే ఉంటే కలవలేకపోయిన 140 ఇళ్ల సందర్శన వేళలు తీసి చూడండి.